వయసు తేడా ఉన్న మ్యాచ్‌తో చాటింగ్

డేటింగ్ యాప్‌లోనో మ్యాట్రిమోనీ సైట్‌లోనో ఒకరినొకరు ఇష్టపడ్డ ఇద్దరి మధ్య వయసు తేడా కొట్టొచ్చినట్టు కనబడుతున్నప్పుడు, వాళ్లు మొదటి కొన్ని రోజుల్లో రాతపూర్వకంగా జరిపే సంభాషణ ఈ వ్యాస విషయం. మొదటి సందేశం నుంచి మొదటి వీడియో కాల్ లేదా ముఖాముఖి కలయిక వరకు దీని పరిధి. ఇద్దరూ పద్దెనిమిదేళ్లు నిండినవారైనప్పుడే ఈ చర్చ వర్తిస్తుంది.

ఎన్నేళ్ల తేడాను ఎక్కువ అనాలన్న దానికి అందరూ ఒప్పుకున్న కొలమానం లేదు. పరిశోధకులు చాలాసార్లు పదేళ్లను హద్దుగా తీసుకుంటారు. తెలుగు కుటుంబాల్లో వరుడు నాలుగైదేళ్లు పెద్దవాడైతే ఎవరూ పట్టించుకోరు. అదే వధువు రెండు మూడేళ్లు పెద్దదైతే ఊరంతా మాట్లాడుకుంటుంది. ఏ వయసులో ఆ తేడా వచ్చిందన్నది కూడా ముఖ్యమే. 45, 55 ఏళ్ల ఇద్దరూ దాదాపు ఒకే తరహా జీవితం గడుపుతుండవచ్చు. 22, 32 ఏళ్ల వారిలో ఒకరు చదువు ముగిస్తుంటే మరొకరు ఇంటి వాయిదాలు కడుతుంటారు. అందువల్ల తొలి సంభాషణలో తేల్చుకోవలసింది సంవత్సరాల సంఖ్య కన్నా, ఇద్దరూ జీవితంలో ఏ దశలో ఉన్నారన్నదే.

పూర్వరంగం

తెలుగు సమాజంలో వయసు తేడా గురించిన చర్చ కొత్తది కాదు. డబ్బు పుచ్చుకుని చిన్నపిల్లలను ముసలివారికి కట్టబెట్టే ఆచారంపై గురజాడ అప్పారావు రాసిన 'కన్యాశుల్కం' 1892లో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో అచ్చయింది, బాగా మార్చి రాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. బాల్యంలోనే వితంతువులైన ఆడపిల్లల కోసం కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. 1929 నాటి శారదా చట్టం పెళ్లికి కనీస వయసును ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లుగా నిర్ణయించింది. 1978 సవరణతో అవి 18, 21 అయ్యాయి. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టంలోనూ అవే కొనసాగుతున్నాయి. చట్టం కనీస వయసును చెబుతుంది గానీ ఇద్దరి మధ్య తేడా ఇంతకు మించకూడదని ఎక్కడా చెప్పదు.

పాశ్చాత్య దేశాల్లో 'సగం వయసుకు ఏడు కలుపు' అనే లెక్క వాడుకలో ఉంది. మాక్స్ ఓరెల్ అనే కలం పేరుతో రాసిన ఫ్రెంచి రచయిత 1901 నాటి పుస్తకంలో ఇది కనబడుతుంది. అక్కడ అది భర్త వయసును బట్టి భార్యకు తగిన వయసు చెప్పే సూత్రం. ఇప్పుడు అవతలి వ్యక్తికి ఉండవలసిన కనీస వయసుగా వాడుతున్నారు. దీని వెనుక శాస్త్రీయ ఆధారమేమీ లేదు. సంభాషణలో దాన్ని తీర్పుగా వాడటం వల్ల ప్రయోజనం ఉండదు.

1990ల చివర మ్యాట్రిమోనీ సైట్లు, 2012లో టిండర్ రావడంతో అసలు మార్పు మొదలైంది. అంతకుముందు వయసు, ఆస్తి, ఆరోగ్యం, మొదటి పెళ్లి వంటి సంగతులను పెళ్లిళ్ల పేరయ్యలు, మేనమామలు, పెద్దమ్మలు ఆరా తీసేవారు. అబ్బాయి, అమ్మాయి ఆ ప్రశ్నలు అడగాల్సిన అవసరమే ఉండేది కాదు. ఇప్పుడు ఆ బాధ్యత నేరుగా వాళ్ల మీదే పడింది. ఎలా అడగాలో నేర్పిన వారు లేకపోవడమే ఈ రకం చాటింగ్‌లో కనబడే ఇబ్బందుల్లో చాలా వాటికి మూలం.

మ్యాచ్ ఎలా ఏర్పడుతుంది

డేటింగ్ యాప్‌లలో ప్రతి ఒక్కరూ తమకు కావలసిన వయసు పరిధిని పెట్టుకుంటారు. కాబట్టి పెద్ద తేడాతో మ్యాచ్ కుదిరిందంటే ఇద్దరూ అంత దూరం వరకు పరిధి తెరిచి ఉంచారని మామూలుగా అనుకోవచ్చు. కానీ పరిధిలోని వారు అయిపోయినప్పుడు కాస్త అటూ ఇటూ ఉన్నవారినీ చూపించే ఏర్పాటు కొన్ని యాప్‌లలో ఉంటుంది. దానివల్ల వచ్చిన మ్యాచ్‌లో ఎదుటివారు మీ వయసు గమనించకుండానే కుడివైపు జరిపి ఉండవచ్చు.

మ్యాట్రిమోనీ సైట్లలో పరిస్థితి వేరు. అక్కడ చాలా ప్రొఫైళ్లను తల్లిదండ్రులో, అన్నయ్యో, అక్కో తెరుస్తారు. వయసు పరిధి పెట్టింది వాళ్లే అయి ఉండవచ్చు. కొన్నిసార్లు మొదటి సందేశాలకు జవాబిచ్చేదీ వాళ్లే. అందుకని మ్యాట్రిమోనీలో వయసు తేడా ఉన్న మ్యాచ్ వచ్చినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న వయసు గురించి కాదు: "ఈ ప్రొఫైల్ మీరే చూసుకుంటున్నారా, ఇంట్లో వాళ్లు చూస్తున్నారా?" దీనికి సూటిగా సమాధానం వచ్చాకే మిగతా మాటలకు అర్థం ఉంటుంది.

ఎవరు ఎవరికి రాస్తారన్న దానిపై కొన్ని పరిశోధనలు జరిగాయి. ఎలిజబెత్ బ్రుచ్, మార్క్ న్యూమన్ అనే పరిశోధకులు అమెరికాలోని నాలుగు నగరాల్లో ఒక డేటింగ్ సైట్ సందేశాలను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఆ సైట్‌లో స్త్రీలకు వచ్చే ఆదరణ 18 ఏళ్ల దగ్గరే శిఖరాన ఉండి క్రమంగా తగ్గుతూ పోయింది. పురుషులకు మాత్రం 50 ఏళ్ల వరకు పెరిగింది. ఈ లెక్కలు అమెరికాకు చెందినవి, తెలుగు వినియోగదారులకు నేరుగా వర్తిస్తాయని చెప్పలేం. అయినా పెద్ద వయసు పురుషుల నుంచి యువతులకు వచ్చే సందేశాల వెల్లువను అర్థం చేసుకోవడానికి ఇవి ఉపయోగపడతాయి. ఆ వెల్లువలో ఉన్న యువతి జవాబు ఆలస్యంగా ఇవ్వడాన్ని నిర్లక్ష్యంగా తీసుకోకూడదు.

అసలు వయసు నిర్ధారణ

వయసు విషయంలో అబద్ధాలు జనం అనుకునేంత ఎక్కువ కాదు. 2008లో న్యూయార్క్‌లో 80 మందిపై జరిగిన ఒక అధ్యయనంలో ఎత్తు, బరువు, వయసుల్లో కనీసం ఒకదాని గురించి తప్పు చెప్పినవారు 81 శాతం. ఆ మూడింటిలో అతి తక్కువగా తప్పు చెప్పింది వయసు గురించే.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకొక చిక్కు ఉంది. నలభై దాటిన చాలామందికి పదో తరగతి సర్టిఫికెట్‌లోని పుట్టిన తేదీ వేరు, అసలు పుట్టిన తేదీ వేరు. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన తేదీయే ఆధార్‌లోకి, ఉద్యోగ రికార్డులోకి ఎక్కింది. యాప్‌లో ఒక వయసు, మాటల్లో ఏడాది రెండేళ్ల తేడాతో మరో వయసు వస్తే అది మోసమే కానక్కరలేదు. "సర్టిఫికెట్ ప్రకారం ఎంత, అసలు ఎంత?" అని అడగడం మనవాళ్లకు అలవాటైన ప్రశ్నే, అందులో అవమానమేమీ లేదు. ఐదారేళ్ల తేడా బయటపడితే మాత్రం అది సర్టిఫికెట్ తేదీ సమస్య కాదు. యాప్‌లో వయసు తగ్గించి పెట్టుకున్నవారు ఆ సంగతిని మొదటి రెండు మూడు సంభాషణల్లోనే తామై చెప్పడం మర్యాద. ఇంటర్ ఏ సంవత్సరం పూర్తయిందని మాటల్లో అడిగితే లెక్క సులువుగా తేలుతుంది. ఆధార్ కాపీ పంపమని మాత్రం అడగకూడదు, ఎదుటివారు అడిగినా పంపకూడదు.

పిలుపులు, రాత తీరు

తెలుగులో వయసు తేడా మొదటి మాటలోనే బయటపడుతుంది. అందుకు సర్వనామమే కారణం. ఇద్దరూ 'మీరు'తో మొదలుపెట్టడం సురక్షితం. పెద్దవారు 'నువ్వు' అంటూ, చిన్నవారు 'మీరు' అంటూ సాగితే సంభాషణ మాస్టారికీ విద్యార్థికీ మధ్య జరిగినట్టు ఉంటుంది. ఆ అసమానతను తర్వాత సరిచేయడం కష్టం. 'నువ్వు'కు మారాలంటే ఇద్దరూ ఒకేసారి మారడం మంచిది. ఆ ప్రతిపాదన చిన్నవారి నుంచి వస్తే ఇంకా మంచిది.

పేరు చివర 'గారు' చేర్చడంలో తప్పు లేదు గానీ ప్రతి వాక్యంలో చేర్చితే దూరం పెరుగుతుంది. 'అండి' ఆ దూరాన్ని కొంత తగ్గిస్తుంది. అంకుల్, ఆంటీ, అన్నయ్య, అక్క వంటి వరుసలు సరదాకైనా వాడకూడదు. తెలుగు చెవికి అవి వరుస కుదరదని చెప్పేసినట్టే. పెద్దవారి వైపు నుంచి 'ఏమ్మా', 'చిన్నపిల్లవి నీకేం తెలుసు', 'నా అనుభవమంత లేదు నీ వయసు' వంటి మాటలు అంతే హాని చేస్తాయి.

రాత గుర్తుల్లోనూ తరాల తేడా కనబడుతుంది. భాషా శాస్త్రవేత్త గ్రెచెన్ మెక్‌కల్లోక్ 2019 నాటి తన పుస్తకంలో ఇంగ్లిష్ సందేశాల గురించి ఒక సంగతి గమనించారు. పెద్దవారు వాక్యాల మధ్య విరామం కోసం మూడు చుక్కలు పెడతారు, చిన్నవారికి అవి ఏదో మనసులో దాచుకున్నట్టు అనిపిస్తాయి. 2015లో అమెరికాలో జరిగిన మరో అధ్యయనంలో ఒక్క మాట జవాబు చివర చుక్క పెడితే దాన్ని చదివిన విద్యార్థులకు అందులో నిజాయితీ తక్కువగా తోచింది. తెలుగులో 'సరే...' అని వచ్చిన జవాబును కోపంగా చదువుకోవడం ఇలాంటిదే. దానికి మందు ఊహించడం మానేసి అడగడం: "సరే అంటే ఇష్టమనా, లేక ఆలోచిస్తున్నారా?"

మొదట అడగదగినవి

వయసు తేడా ప్రస్తావన తెచ్చేదెప్పుడన్నది చాలామందిని ఇబ్బంది పెడుతుంది. మొదటి సందేశంలోనే తెస్తే అదొక్కటే కనబడుతున్నట్టు ఉంటుంది. రెండు మూడు వారాలు నెట్టుకొస్తే, ఇద్దరూ చెప్పకుండా తమతమ ఊహలు కట్టుకుంటారు. పలకరింపులు, పని, ఊరు, ఇష్టాలు అయ్యాక, రెండో మూడో రోజున ఒకసారి మామూలు గొంతుతో తేవడం సరిపోతుంది. "మన మధ్య పద్నాలుగేళ్లు తేడా ఉంది కదా, మీ ఏజ్ రేంజ్ అంత వరకు పెట్టుకోవడానికి కారణం ఏమైనా ఉందా?" ఈ ప్రశ్న నింద వేయదు, పొగడదు. వచ్చే సమాధానం చాలా చెబుతుంది. "రెండో పెళ్లి కాబట్టి నా వయసు వాళ్లలో సంబంధాలు తక్కువ వస్తున్నాయి" అన్నది నిజాయితీగల జవాబు. "నా వయసు ఆడవాళ్లతో పడదు, చిన్నవాళ్లయితే చెప్పినట్టు వింటారు" అన్నది హెచ్చరిక.

తర్వాత తెలుసుకోవలసింది ఉద్దేశం: పెళ్లా, పరిచయమా, స్నేహమా. ఆపై ముందు పెళ్లి సంగతి. విడాకులు తీసుకున్నామని చెప్పినవారిని డిక్రీ వచ్చిందా, కేసు నడుస్తోందా అని అడగడంలో తప్పు లేదు. విడివిడిగా ఉండటం వేరు, విడాకులు రావడం వేరు. డిక్రీ రాకముందు జరిగే రెండో పెళ్లి హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లదు.

చివరగా పిల్లలు, పదవీ విరమణ. ఈ రెండూ కలిస్తేనే వయసు తేడా అసలు రూపం తెలుస్తుంది. ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేసే 29 ఏళ్ల యువతికి, గుంటూరు జిల్లాలో ప్రభుత్వ జూనియర్ లెక్చరర్‌గా ఉన్న 43 ఏళ్ల వ్యక్తితో మ్యాచ్ కుదిరింది. ఆయనకు విడాకులయ్యాయి, పన్నెండేళ్ల కూతురు ఉంది. సగానికి ఏడు కలిపే లెక్కలో 43కు ఇరవై ఎనిమిదిన్నర వస్తుంది, కాబట్టి ఆ సూత్రం ప్రకారం అభ్యంతరం లేదు. కానీ ఆ సూత్రం వాళ్లకు ఏమీ చెప్పదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగుల విరమణ వయసు 2022 నుంచి 62. ఆయన రిటైరయ్యేనాటికి ఆమెకు 48 ఏళ్లు. మూడేళ్ల తర్వాత బిడ్డ పుడితే, ఆ బిడ్డకు అప్పటికి పదహారేళ్లు, అంటే ఇంటర్ చదువు. ఆ చదువు ఖర్చు ప్రధానంగా ఆమె జీతం మీద నడుస్తుంది.

బిడ్డ కోసం వైద్య సహాయం కావలసి వస్తే 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ల లోపు ఉండాలంటుంది. ఆయనకు ఆ గడువు పన్నెండేళ్లలో ముగుస్తుంది, అప్పటికి ఆమెకు 41. దత్తత నిబంధనల్లో తేడా ఇంకా స్పష్టం. రెండేళ్ల లోపు బిడ్డను దత్తత తీసుకోవాలంటే దంపతులిద్దరి వయసుల మొత్తం 85 మించకూడదు, పెళ్లయి కనీసం రెండేళ్లు గడిచి ఉండాలి. వీళ్ల మొత్తం ఇప్పుడు 72. ఏడాదికి రెండు చొప్పున పెరుగుతూ ఆరేళ్లకు 84, ఏడో ఏట 86. అంటే పసిబిడ్డను తెచ్చుకునే అవకాశం దాదాపు ఆరేళ్ల వరకే.

ఈ లెక్కలన్నీ చాట్‌లో పరిచి చూపాలని కాదు. ఆమె అడగవలసింది ఇంతే: "పిల్లల గురించి మీ ఆలోచన ఏమిటి? మీ అమ్మాయికి ఈ సంగతి ఎప్పుడు చెప్పాలనుకుంటున్నారు?" ఆయన అడగవలసింది: "హైదరాబాద్‌లో ఉద్యోగం వదులుకోవాలని మీకు ఉందా, లేదా?" పెద్దవారు "అవన్నీ తర్వాత చూద్దాం" అంటే చిన్నవారు గమనించాలి. పెద్ద వయసువారికి సమయం తక్కువ, వాయిదా వేస్తే ఇబ్బంది పడేది ఇద్దరూ.

మొదట మానుకోదగినవి

శరీరం గురించిన ప్రశ్నలు మొదటి వారాల్లో రావొద్దు. పెద్దవారిని "బీపీ, షుగర్ ఉన్నాయా" అని చాట్ మధ్యలో అడగడం, చిన్నవారిని "ఇంతకుముందు ఎవరైనా ఉన్నారా" అని తరచి తరచి అడగడం రెండూ ఒకే కోవలోవి. ఆరోగ్యం పెళ్లికి ముందు తెలియవలసిన సంగతే, కానీ మాటలు పెళ్లి దాకా వచ్చాక ఇద్దరూ తమ సంగతి చెప్పుకోవడం ద్వారా తెలియాలి. ముప్పై అయిదు దాటిన స్త్రీని "పిల్లలు పుడతారా" అని అడగడం మన ఇళ్లలో మామూలైపోయింది. అది ఆమెకు కలిగించే నొప్పి చిన్నది కాదు. పిల్లలు కావాలా అన్న ప్రశ్న ఇద్దరికీ వర్తిస్తుంది, పుడతారా అన్నది ఒక్కరిని బోనులో నిలబెడుతుంది.

జీతం, ఆస్తి వివరాలను ముందే అడిగితే చిన్నవారు డబ్బు కోసం వచ్చారన్న అనుమానం కలుగుతుంది. పెద్దవారు అడగకుండానే తమ ఫ్లాట్లు, పొలాలు, కారు గురించి చెప్పుకోవడం కూడా అదే అనుమానాన్ని రెండో వైపు నుంచి పుట్టిస్తుంది. "మీ వయసు అస్సలు తెలియట్లేదు" అన్న పొగడ్తలో వయసు ఒక లోపమన్న అర్థం దాగి ఉంటుంది. "వయసుకు మించిన పరిణతి మీది" అని చిన్నవారితో అనడం మరింత జాగ్రత్తగా చూడవలసిన మాట. ఆ పొగడ్త వెనుకనే చిన్నవారిని వారికి ఇష్టం లేనివాటికి ఒప్పించే ప్రయత్నం వస్తున్నట్టు తరచూ కనబడుతుంది. ఎదుటివారి తల్లిదండ్రుల వయసు అడిగి తమ వయసుతో పోల్చుకోవడం, చిన్నప్పటి సినిమాల జాబితా చెప్పి "ఇవి మీకు తెలియవులే" అనడం కూడా మానుకోవాలి. ఒక సినిమా ఇద్దరూ ఎప్పుడు, ఎక్కడ చూశారన్న ప్రశ్న అయితే మాటలకు దారి ఇస్తుంది.

దీర్ఘకాలిక ఫలితాలపై పరిశోధన

ఆస్ట్రేలియా కుటుంబాల సర్వే ఆధారంగా టెర్రా మెకినిష్, వాంగ్‌షెంగ్ లీ 2018లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ఎక్కువగా ఉదహరించబడుతుంది. తమకన్నా చిన్నవారిని పెళ్లాడిన స్త్రీ పురుషులిద్దరిలోనూ మొదట తృప్తి ఎక్కువగా ఉంది. పెళ్లయిన ఆరు నుంచి పదేళ్లలో ఆ ఆధిక్యం కరిగిపోయింది. ఆర్థికంగా దెబ్బ తగిలినప్పుడు వయసు తేడా ఉన్న జంటల్లో తృప్తి మరింత తగ్గినట్టు తేలింది. ఇది సగటు లెక్క, ఏ ఒక్క జంట భవిష్యత్తునూ చెప్పదు. కానీ డబ్బు, పిల్లల పెంపకం గురించి మొదట్లోనే కొంత మాట్లాడుకోవడం ఎందుకు అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రమాద సూచనలు, చట్టం

వయసు తేడా తప్పు కాదు. కానీ ఆ తేడా అనుభవంలో, డబ్బులో, సామాజిక హోదాలో కూడా తేడాను తెస్తుంది కాబట్టి వేగాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారో గమనించాలి. మూడు రోజుల్లో ప్రేమ మాటలు, వారంలో యాప్ వదిలి వేరే చోటికి రమ్మనడం, వీడియో కాల్‌కు ప్రతిసారీ ఒక సాకు, ఇంట్లో చెప్పవద్దనడం, ప్రైవేటు ఫొటోలు అడగడం, పెట్టుబడి సలహాలివ్వడం ఇవన్నీ సంభాషణ ఆపేయడానికి చాలిన కారణాలు. ఒంటరిగా ఉన్న పెద్ద వయసు వారిని అందమైన చిన్న వయసు ఫొటోతో పలకరించి, నెలల తరబడి నమ్మకం సంపాదించి, నకిలీ ట్రేడింగ్ యాప్‌లో డబ్బు పెట్టించే మోసాలు తెలుగు రాష్ట్రాల్లోనూ నమోదవుతున్నాయి. ఇందులో బాధితుడు చిన్నవాడే కానక్కరలేదు.

మాటల్లో ఎదుటివారు పద్దెనిమిది నిండనివారని తెలిస్తే సంభాషణ వెంటనే ఆపేసి ఆ ఖాతాపై యాప్‌కు ఫిర్యాదు చేయాలి. 2012 పోక్సో చట్టం కింద పద్దెనిమిదేళ్ల లోపు వారి సమ్మతికి విలువ లేదు. మ్యాట్రిమోనీ సైట్లు వినియోగదారుల గుర్తింపును సరిచూడాలని కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా ప్రొఫైల్‌పై ఉన్న ధ్రువీకరణ గుర్తు చాలాసార్లు ఫోన్ నంబరు లేదా గుర్తింపు పత్రం సరిపోయిందని మాత్రమే చెబుతుంది. పెళ్లయిందా, విడాకులు వచ్చాయా అన్నది అది చెప్పదు. డబ్బు పోయినవారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఇంకా బ్యాంకు ఖాతాల్లో ఉండగానే నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.